ఆర్డరు మీద మిగిలేదెంత? పసుపు పొడి ఆన్‌లైన్ అమ్మకంలో రైతు లెక్క

పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పెట్టి యార్డుకు తోలితే కాటా అయిన రోజునే సంగతి తేలిపోతుంది. ధర నచ్చినా నచ్చకపోయినా క్వింటాలుకు ఇంత అని చీటీ చేతికొస్తుంది. అదే పసుపును పొడి కొట్టించి, పాకెట్లు కట్టి, ఫోనులో ఆర్డర్లు తీసుకుని అమ్మితే అలా తేలదు. డబ్బు వారం వారం బ్యాంకులో పడుతూనే ఉంటుంది. మిగిలిందా పోయిందా అన్నది మాత్రం మూడు నెలలైనా తెలియదు. తెలిసేసరికి ఇంట్లో పసుపు అయిపోతుంది.

దుగ్గిరాల దగ్గర ఒక ఊళ్లో ఎకరంన్నర పసుపు వేసే దంపతులకు సరిగ్గా ఇదే జరిగింది. వాళ్లబ్బాయి డిగ్రీ చదివాడు. ఆన్‌లైన్ అంగడిలో అమ్మకందారుగా పేరు నమోదు చేయించి, అరకిలో పాకెట్టు 229 రూపాయలకు పెట్టాడు. నెల తిరిగేసరికి రోజుకు మూడు నాలుగు ఆర్డర్లు రావడం మొదలైంది. రైతు సంబరపడ్డాడు. ఆయన భార్యకు మాత్రం అనుమానం.

‘‘ఏమండీ, అట్టపెట్టెలకు మళ్లీ డబ్బులడుగుతున్నారు. బ్యాంకులో పడ్డది ఏమైనట్టు?’’ అని ఆమె అడిగితే, ‘‘పసుపు మనదేగా, పాకెట్టు మీద తొంభై మిగులుతోంది. నువ్వు ఊరికే కంగారు పడకు’’ అన్నాడట ఆయన. ఆమె ఊరుకోలేదు. డ్వాక్రా సంఘంలో పుస్తకాలు రాసిన చెయ్యి. ఒక పాత నోటు పుస్తకం తీసుకుని, పంపిన ప్రతి పార్శిల్‌కూ ఒక గీత చొప్పున వంద పార్శిళ్లు రాసింది. వంద పార్శిళ్లకూ కలిపి తేలిన మిగులు 98 రూపాయలు. అంటే పార్శిల్‌కు ఒక్క రూపాయి!

తొంభై అనుకున్నది ఒక రూపాయి ఎలా అయిందో ఆ పుస్తకంలోంచే చూద్దాం. ఇవి ఒక ఇంటి లెక్కలు. అంగడిని బట్టి, సరుకును బట్టి అంకెలు మారతాయి. లెక్క వేసే తీరు మాత్రం మిరప పొడికైనా, బెల్లానికైనా, పచ్చడికైనా ఇదే. ఒక ఆర్డరు అమ్మకం ధరలోంచి ఆ ఆర్డరు వల్లే అయిన ఖర్చులన్నీ తీసేస్తే మిగిలేదాన్ని లెక్కల వాళ్లు కంట్రిబ్యూషన్ మార్జిన్ అంటారు. మనం ‘ఆర్డరు మిగులు’ అందాం. కాటా, పాకెట్లు అతికించే మిషను, చీటీలు కొట్టే ప్రింటరు లాంటి ఒకసారి పెట్టే ఖర్చులు ఇందులో కలపకూడదు. ఈ మిగుళ్లన్నీ పోగుపడితే, వాటిలోంచి ఆ ఖర్చులూ మన కూలీ రావాలి.

ఇంటి పసుపుకూ ఖరీదుంది

మొదటి పొరపాటు ఇక్కడే. ‘పసుపు మనదే’ అనుకోవడం వల్ల దాని ఖరీదు సున్నా అయిపోయింది. కానీ ఆ కొమ్ములు యార్డుకు తోలి ఉంటే డబ్బు వచ్చేది కదా! పొడి కొట్టించడం వల్ల ఆ డబ్బు వదులుకున్నాం. కాబట్టి పొడి కొట్టించిన రోజున యార్డులో కొమ్ములకు పలికిన ధరలోంచి బాడుగ, హమాలీ, ఇతర ఖర్చులు తీసేసి చేతికి ఎంత వచ్చేదో అదే మన పసుపు ఖరీదు. వాళ్లు లెక్కకు పట్టుకున్నది క్వింటాలుకు 12,500 రూపాయలు.

ఇక మర. క్వింటాలు కొమ్ములు ఇస్తే క్వింటాలు పొడి రాదు. మట్టి, పొట్టు, తేమ, మరలో అంటుకుపోయేది అంతా పోను వాళ్లకు 94 కిలోలు వచ్చింది. మర కూలి 1,200 రూపాయలు. అంటే 13,700 రూపాయలకు 94 కిలోల పొడి. కిలో 146 రూపాయలు పడింది. అరకిలోకు 73. ఇందులో మర కూలి ఆరున్నర రూపాయలే, మిగతాదంతా పసుపు ఖరీదే. రైతు తన లెక్కలో వదిలేసింది ఈ 66 రూపాయల పైచిలుకునే.

పాకెట్టు ఖర్చు కూడా విడివిడిగా చూస్తే చిన్నదే. పౌచ్ 7 రూపాయలు, లేబులు 2, అట్టపెట్టె 9, టేపూ బిల్లు కాగితమూ కలిపి 2. మొత్తం 20. పసుపూ పాకెట్టూ కలిసి 93 రూపాయలు. సరుకు గుమ్మం దాటకముందే అయిన ఖర్చు ఇది.

అంగడి పట్టుకునేది

229 రూపాయల అమ్మకం మీద వాళ్ల అంగడి మూడు రకాలుగా పట్టుకుంటుంది. అమ్మకం ధర మీద 8 శాతం కమీషను, 18 రూపాయలు. ప్రతి ఆర్డరుకూ ఇంత అని ఉండే స్థిర రుసుము 15. రవాణా 62. ఈ మూడూ కలిస్తే 95. దీని మీద 18 శాతం జీఎస్టీ, మరో 17. మొత్తం 112 రూపాయలు. చిల్లర పైసలు సవరించి రాస్తున్నాను.

ఈ 17 రూపాయలను చాలామంది మరిచిపోతారు. జీఎస్టీ నంబరు ఉన్న వ్యాపారి తాను కట్టాల్సిన పన్నులో దీన్ని మినహాయించుకోగలడు. నంబరు లేని చిన్న అమ్మకందారుకు ఆ వీలు లేదు, అది నేరుగా ఖర్చే. 2023 అక్టోబరు 1 నుంచి జీఎస్టీ నంబరు లేని చిన్నవాళ్లు కూడా పాన్ కార్డుతో జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని ఆన్‌లైన్ అంగళ్లలో సరుకు అమ్ముకోవచ్చు. అయితే సొంత రాష్ట్రంలోని కొనుగోలుదారులకు మాత్రమే. ఈ దంపతులు ఆ పద్ధతిలోనే అమ్ముతున్నారు. తినే సరుకు కాబట్టి ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. రిజిస్ట్రేషన్ ఎలాగూ తప్పదు, ఆ నంబరు లేబులు మీద ఉండాలి.

229లోంచి 112 పోతే అంగడి నుంచి వచ్చేది 117. అందులోంచి 93 తీసేస్తే 24 రూపాయలు. పార్శిల్ కొన్నవాళ్లకు చేరి, వాళ్లు ఉంచేసుకుంటే మిగిలేది ఇది. తొంభై కాదు, ఇరవై నాలుగు. అయినా నష్టం లేదు కదా అనిపిస్తుంది. అసలు దెబ్బ ఇంకా తగలలేదు.

వెనక్కొచ్చిన పార్శిళ్లు

వాళ్లు పంపిన వందలో 84 చేరాయి. 12 కొన్నవాళ్లు తీసుకోకుండానే వెనక్కొచ్చాయి. ఆన్‌లైన్ అంగళ్ల భాషలో వీటిని ఆర్.టి.ఓ. అంటారు. బండ్ల ఆఫీసు కాదు, పంపినవాడికే తిరిగొచ్చిన పార్శిల్ అని అర్థం. దాదాపు అన్నీ ‘అందాక డబ్బు’ పద్ధతిలో వచ్చిన ఆర్డర్లే. తలుపు తీయరు, ఫోను ఎత్తరు, ఎత్తినా ‘వద్దులే’ అంటారు. మిగిలిన నాలుగు చేరాయి గానీ, పౌచ్ పగిలి పొడి కారిందని కొన్నవాళ్లు ఫొటో పెట్టారు. అంగడి వాళ్ల డబ్బు వాళ్లకు తిరిగి ఇచ్చేసింది. కారిన పొడి వెనక్కి రాదు, వచ్చినా దేనికీ పనికిరాదు.

వెనక్కొచ్చిన 12 మీద కమీషనూ స్థిర రుసుమూ అంగడి పట్టుకోలేదు. పోయేటప్పటి రవాణా మాత్రం పట్టుకుంది. 62కు జీఎస్టీ కలిపి 73. పన్నెండుకు 876 రూపాయలు. ఈ అంగడి తిరుగు రవాణా అడగలేదు. అడిగేవీ ఉన్నాయి, మీ ఒప్పందంలో ఏముందో చూసుకోవాలి. తిరిగొచ్చిన పెట్టెలు నలిగి చిరిగి ఉంటాయి. పెట్టె, టేపు, కాగితం కొత్తవి వేయాలి. ఒక్కోదానికి 11 చొప్పున 132. పన్నెండింటిలో మూడు తడిసో, పౌచ్ చిట్లో అమ్మకానికి పనికిరాకుండా పోయాయి. పొడీ పౌచూ లేబులూ కలిపి ఒక్కోటి 82, మూడింటికి 246. మొత్తం 1,254.

పగిలిన నాలుగింటి మీద పోయింది ఒక్కోదానికి సరుకూ పాకెట్టూ 93, రవాణా 73, కలిపి 166. నాలుగింటికి 664 రూపాయలు.

ఇప్పుడు ఆమె పుస్తకంలో చివరి పేజీ ఇలా ఉంది:

చేరిన 84 మీద మిగులు (84 × 24): 2,016
తిరిగొచ్చిన 12 మీద నష్టం: 1,254
పగిలిన 4 మీద నష్టం: 664
వంద పార్శిళ్లకు మిగిలింది: 98 రూపాయలు

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా చూడాలి. వందకు పన్నెండే కదా వెనక్కొచ్చింది, మిగులులోనూ పన్నెండో వంతో పదో వంతో పోతుందిలే అనిపిస్తుంది. అలా జరగదు. వెనక్కొచ్చిన ఒక్కో పార్శిల్‌ సగటున 104 రూపాయలు తినేసింది. చేరిన పార్శిల్ ఇచ్చేది 24. ఒకటి వెనక్కొస్తే నాలుగు మంచి ఆర్డర్ల మిగులు దానికే సరిపోతోంది. పగిలిపోయిన దానికైతే ఏడు కావాలి. మిగులు సన్నగా ఉన్న సరుకుకు తిరుగు పార్శిళ్లు పొలంలో ఎలుకల లాంటివి. తిన్నదానికంటే పాడుచేసింది ఎక్కువ.

ఈ వంద పార్శిళ్లకు 45 కిలోల పైచిలుకు పొడి ఖర్చయింది. కొమ్ముల్లో చెప్పాలంటే 48 కిలోలు. వాటి మీద యార్డు ధర కంటే అదనంగా వచ్చింది 98 రూపాయలు, అంటే క్వింటాలుకు సుమారు 200. పాకెట్లు కట్టడానికీ, చీటీలు అంటించడానికీ, కొరియరు కుర్రాడి కోసం కాచుకోవడానికీ పార్శిల్‌కు పది నిమిషాలు పట్టింది. వందకు 16 గంటలు దాటింది. రెండు రోజుల పని. అదే రెండు రోజులు పక్క చేలో కలుపుకు వెళ్లినా ఇంతకంటే ఎక్కువే వచ్చేది.

పెట్టె కొలత కూడా డబ్బే

అంతకుముందు నెల ఇంకా అన్యాయం. రవాణా ఖర్చు తక్కెడలో తూగిన బరువు మీదే వేస్తారని వాళ్లు అనుకున్నారు. కొరియరు లెక్క వేరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చే కిలోలను ‘పరిమాణపు బరువు’గా పట్టుకుంటారు. అసలు బరువు, ఈ బరువు రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. పైగా అరకిలో చొప్పున మెట్లుంటాయి. మెట్టు దాటితే, దాటింది పది గ్రాములే అయినా పై మెట్టు ఛార్జీ పడుతుంది.

తెలిసిన కొట్టులో ఊరికే ఇచ్చిన పాత పెట్టెల్లో మొదట పంపారు. ఆ పెట్టె 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 10 ఎత్తు. గుణిస్తే 6,000. అయిదు వేలతో భాగిస్తే కిలో 200 గ్రాములు. లోపల ఉన్నది అరకిలో పొడి, ఛార్జీ పడింది కిలోన్నర మెట్టుకు. రవాణా 62కు బదులు 86 అయింది. జీఎస్టీ కలుపుకుంటే 28 రూపాయలు ఎక్కువ. పెట్టె మీద 9 రూపాయలు ఆదా చేసి రవాణాలో 28 పోగొట్టుకున్నారన్నమాట. తర్వాత 20, 15, 10 కొలతల పెట్టె కొన్నారు. దాని పరిమాణపు బరువు 600 గ్రాములు, కిలో మెట్టులోనే ఉంటుంది.

ఇది జరుగుతోందని ఎలా పసిగట్టాలి? అంగడి ఇచ్చే చెల్లింపు పట్టీలో ప్రతి ఆర్డరు ఎదురుగా ఎంత బరువుకు ఛార్జీ వేశారో ఉంటుంది. మనం తూచిన దానికీ దానికీ తేడా కనిపిస్తే కారణం ఇదే. కొన్నిసార్లు వాళ్ల గోడౌనులో కొలత తప్పు పడుతుంది కూడా. అందుకని మూత వేసిన పెట్టెను కాటా మీద పెట్టి ఒక ఫొటో, పక్కన టేపు పెట్టి ఒక ఫొటో తీసి ఉంచుకుంటే అభ్యంతరం చెప్పడానికి ఆధారం ఉంటుంది. గడువు దాటాక చెబితే వినరు.

అరకిలో ఎందుకు?

మెట్ల సంగతి అర్థమయ్యాక ఆమెకు తట్టిన ప్రశ్న ఇది. అరకిలో పొడి, పౌచ్, పెట్టె కలిపి తూస్తే 580 గ్రాములు వచ్చింది. అరకిలో మెట్టు 80 గ్రాములతో దాటిపోయి కిలో ఛార్జీ కడుతున్నారు. అంటే కిలోకు కట్టి సగం ఖాళీ పంపుతున్నట్టే. ట్రాక్టరు బాడుగ మొత్తం ఇచ్చి అర ట్రక్కు తోలినట్టు.

రెండు దారులు కనిపించాయి. ఒకటి, పెట్టె మానేసి 400 గ్రాముల పౌచ్‌ను కొరియరు కవరులో పంపడం. బరువు అరకిలో లోపే, రవాణా 44. ధర 189 పెడితే చేరిన ఆర్డరు మీద 30 రూపాయల దాకా మిగిలింది. కానీ పెట్టె లేకపోయేసరికి పౌచ్‌లు పగిలిన ఫిర్యాదులు పెరిగాయి. పొడి సరుకుకు కవరు పనికిరాదని వదిలేశారు.

రెండోది, రెండు 400 గ్రాముల పౌచ్‌లు కలిపి అదే పెట్టెలో 800 గ్రాములుగా పంపడం. మొత్తం బరువు 890 గ్రాములు, కిలో మెట్టు దాటదు. (రెండు అరకిలోలు పెడితే మళ్లీ మెట్టు దాటుతుంది, ఆ ఆశకు పోకూడదు.) ధర 349 రూపాయలు. కిలో లెక్కన చూస్తే కొనేవాడికి మునుపటి కంటే తక్కువకే వస్తోంది. పొడి ఖరీదు 117, రెండు పౌచ్‌లూ రెండు లేబుళ్లూ పెట్టె వగైరా 29, కలిపి 146. అంగడికి కమీషను 28, స్థిర రుసుము 15, రవాణా 62, వాటి మీద జీఎస్టీ 19, మొత్తం 124. 349లోంచి ఇవి పోతే 225, అందులోంచి సరుకు 146 పోతే 79 రూపాయలు.

24 ఎక్కడ, 79 ఎక్కడ! పెరిగిన ధర 120, పెరిగిన సరుకు ఖర్చు 53, అంగడికి పెరిగింది 12 మాత్రమే. రవాణా, స్థిర రుసుము ఒక్క పైసా కదలలేదు. కిటుకంతా అందులోనే ఉంది.

మునుపటి లాగే వందలో 12 వెనక్కొచ్చి, నాలుగు పగిలినా లెక్క ఎలా ఉంటుందో వేసి చూశాం. చేరిన 84 మీద 6,636 రూపాయలు. వెనక్కొచ్చిన వాటి మీద రవాణా 876, కొత్త పెట్టెలు 132, పాడైన మూడింటికి 405, కలిపి 1,413. పగిలిన నాలుగింటికి, సరుకు ఖరీదు పెరిగింది కనుక, 876. ఇవన్నీ పోను మిగిలింది 4,347. పార్శిల్‌కు 43 రూపాయలు. కొమ్ముల్లో చూస్తే 77 కిలోలు ఖర్చయ్యాయి. క్వింటాలుకు యార్డు ధర మీద 5,600 రూపాయలు ఎక్కువ వచ్చినట్టు. మన కూలి, మిషన్ల ఖర్చు ఇందులోంచే రావాలన్నది గుర్తుంచుకోవాలి.

అయితే 349 పెట్టినప్పుడు 229 పెట్టినన్ని ఆర్డర్లు రావు. వాళ్లకూ రాలేదు, సగానికి పడిపోయాయి. అబ్బాయి బెంబేలెత్తిపోయి మళ్లీ పాత పాకెట్టు పెడదామన్నాడట. ‘‘వంద కట్టి తొంభై ఎనిమిది తెచ్చుకునే దానికంటే, యాభై కట్టి రెండు వేలు తెచ్చుకోవడం మేలు కాదట్రా?’’ అన్నదట తల్లి. ఆర్డర్ల సంఖ్య చూసి మురిసిపోయే జబ్బు ఈ వ్యాపారంలో బాగా ఉంది. నా మటుకు నేను ఆమె వైపే.

తగ్గింపు ధరలు ఎవరి జేబులోంచి?

పండుగలకు అంగళ్లు ‘పది శాతం తగ్గించండి, అమ్మకాలు పెరుగుతాయి’ అని సందేశాలు పంపుతాయి. 229 మీద పది శాతం అంటే 23. ధర తగ్గినందుకు కమీషనులో రెండు రూపాయలు తగ్గుతుంది, అంతే. రవాణా తగ్గదు, స్థిర రుసుము తగ్గదు, పసుపు ఖరీదు తగ్గదు. ఆ తగ్గింపంతా 24 రూపాయల మిగులులోంచే పోవాలి. లెక్క వేస్తే మిగిలింది 3 రూపాయలు. దాని మీద తిరుగు పార్శిళ్ల నష్టం పడితే ప్రతి పార్శిల్‌కూ చేతి డబ్బు వేసి పంపినట్టే. సరుకు ముందు వరసలో కనపడాలని కట్టే ప్రకటన డబ్బు కూడా అంతే. నెలకు ఇంత అని చూడకుండా, దాని వల్ల వచ్చి చేరిన ఆర్డర్లతో భాగించి ఆర్డరు మిగులులోంచి తీసెయ్యాలి.

బ్యాంకు పుస్తకం ఎందుకు మోసం చేస్తుంది?

ఈ నష్టం రెండు నెలలు ఎందుకు కనపడలేదని అడిగాను. కారణం తేదీలు. ఈరోజు పంపిన పార్శిల్ డబ్బు వారం పది రోజుల్లో పడుతుంది. వెనక్కొచ్చేది గోడౌన్లన్నీ తిరిగి రెండు మూడు వారాలకు గుమ్మం ముందు దిగుతుంది. దాని కోత ఆ తర్వాతి చెల్లింపులో పడుతుంది. అమ్మకాలు పెరుగుతున్న రోజుల్లో ఈ నెల ఎక్కువ ఆర్డర్ల డబ్బులోంచి పోయిన నెల తక్కువ ఆర్డర్ల కోత పోతుంది. కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది. అమ్మకాలు ఆగిన నెలలో అసలు రంగు బయటపడుతుంది.

అందుకని ఆమె నెలవారీగా కాకుండా కట్టలుగా రాసింది. పంపిన వరసలో వంద పార్శిళ్లు ఒక కట్ట. ఒక్కోదానికి ఒక గీత. అందులో ఆర్డరు నంబరు, పంపిన తేదీ, ఏ పాకెట్టు, అంగడి వేసిన బరువు, చేరిందా వెనక్కొచ్చిందా పగిలిందా, బ్యాంకులో పడింది ఎంత, కోసింది ఎంత. కట్టలోని ఆఖరి పార్శిల్ సంగతి తేలే వరకు కూడిక వెయ్యదు. నెల, నెలన్నర పడుతుంది. తేలాక వచ్చిన మిగులును వందతో భాగిస్తుంది. చేరిన వాటితో భాగిస్తే అంకె అందంగా కనిపిస్తుంది గానీ, మనం పాకెట్టు కట్టింది వందకూ కదా.

పుస్తకం వల్ల మరో లాభం కలిగింది. వెనక్కొచ్చిన గీతలు చూస్తే ఎక్కువ భాగం రెండు మూడు పిన్‌కోడుల నుంచే ఉన్నాయి. ఆ పిన్‌కోడులకు ‘అందాక డబ్బు’ ఆపించారు. అంగడి అలా ఆపుకోనివ్వకపోతే చెయ్యగలిగింది తక్కువ. కొత్త పెట్టెతో అయినా వెనక్కొచ్చే ఒక్కో పార్శిల్ మీద 118 రూపాయలు పోతాయి, ఒకటిన్నర మంచి ఆర్డర్ల మిగులు. ఆ పిన్‌కోడుల నుంచి పోయిన ఆర్డర్లకు బాధపడనక్కర్లేదని పుస్తకమే చెప్పింది. పౌచ్‌లు పగలడం కూడా తగ్గింది. అతుకు వేసే మిషను వేడి సరిగా లేక అంచు దగ్గర ఊడుతోందని తెలిసింది. అతికించాక పౌచ్‌ను రెండు చేతులతో గట్టిగా నొక్కి చూస్తున్నారు. గాలి బుస్సుమంటే మళ్లీ అతికిస్తారు.

ఇక మిగిలింది యార్డు ధర. ఈ లెక్కంతా కొమ్ములు 12,500 అన్నప్పటిది. యార్డులో చేతికి 16,000 వచ్చే రోజున పొడి కిలో 183 పడుతుంది. 800 గ్రాముల పార్శిల్ మీద 29 రూపాయలు పెరుగుతుంది, వంద పార్శిళ్ల మిగులు 4,347 నుంచి 1,700కు దిగుతుంది. అమ్మకం ధర పెంచితే తప్ప రెండు రోజుల శ్రమకు అది గిట్టుబాటు కాకపోవచ్చు. అందుకే ఈ దంపతులు ఇప్పుడు పంటంతా ఒకేసారి పొడి కొట్టించడం లేదు. ఎండిన కొమ్ములు అలాగే ఉంచి, వంద పార్శిళ్లకు సరిపడా క్వింటాలు లోపు మాత్రమే మరకు తోలుతున్నారు. తోలే ముందు రోజు ఆయన యార్డులో ధర అడిగి వస్తాడు, ఆమె పుస్తకం తెరిచి పొడి ఖరీదు గీత కొట్టి కొత్తది వేస్తుంది. నేను వెళ్లిన రోజు అదే పని మీద ఉంది.